పసిపిల్లల నరం, నా చాలీసు కళ్ళు

మందు సీసాల మీద అక్షరాలను కంపెనీల వాళ్ళే చిన్నవి చేశారని నేను ఏడాది పాటు గట్టిగా నమ్మాను. నమ్మడమే కాదు, వార్డులో అందరితో వాదించాను కూడా. ఇది తొంభైల మొదటి సంగతి. మహబూబ్‌నగర్ పెద్దదవాఖానలో పిల్లల వార్డు సిస్టర్‌ని నేను. నలభై రెండు నిండాయి. ఇంజక్షన్ మందు ఉండే సన్నటి గాజు గొట్టాన్ని చేతిలోకి తీసుకుంటే పేరు కనిపించేది కాదు. చెయ్యి కాస్త దూరం జరిపితే కనిపించేది. ఇంకొన్నాళ్ళకు ఇంకాస్త జరపాల్సి వచ్చింది. కిటికీ దగ్గరికి పోయి వెలుతురులో పట్టుకుని చదివి, ఇంత సన్నగా అచ్చు వేసే వాళ్ళను తిట్టుకుంటూ వెనక్కి వచ్చేదాన్ని.

మా వార్డు ఆయమ్మ నాకంటే పదేళ్ళు పెద్దది. నోటికి అడ్డూ ఆపూ లేని మనిషి. ఒకరోజు నా అవస్థ చూసి పక్కున నవ్వింది.

"సిస్టరమ్మా, చెయ్యి సరిపోతలేదు నీకు. ఇంకో మూరెడు అతికిచ్చుకో."

"నీ పని నువ్వు చూసుకో" అన్నాను. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంట ఆమె మీద కాదని నాకు అప్పుడే తెలుసు, కానీ ఒప్పుకోవడానికి మనసు రాలేదు.

ఎందుకు రాలేదో చెప్పాలి. నల్గొండ జిల్లాలో, తిరుమలగిరి పక్క పల్లెలో, కూలి చేసుకునే ఇంట్లో పుట్టినదాన్ని. మా ఇంట్లో ఉద్యోగం చేసిన మొదటి మనిషిని నేనే. నర్సు పని నేర్చుకున్న నాటి నుంచి నాకంటూ ఒక పేరు వచ్చిందంటే అది ఒక్కదాని వల్లే వచ్చింది. పసిపిల్లలకు నరం దొరకబట్టడం. ఎండాకాలం వచ్చిందంటే వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరంతా పోయిన పసిగుడ్లను ఎత్తుకుని ఊళ్ళ నుంచి తల్లులు పరుగెత్తుకొచ్చేవాళ్ళు. పనులకు పోయి వచ్చిన కాళ్ళు, ఎండకు మాడిన మొహాలు. ఆ పిల్లల చేతుల్లో నరం ఉండదు, అంతా లోపలికి పోయి ఉంటుంది. అప్పుడు కణత దగ్గర కాస్త జుట్టు గొరిగి, తల చుట్టూ రబ్బరు బ్యాండు వేసి, వేలితో నాలుగు సార్లు తట్టాలి. నల్లటి చర్మం కింద దారప్పోగు లాంటి నీలం గీత ఒకటి లేస్తుంది. దాని మీదికి సన్నటి సూదిని పడుకోబెట్టి పంపాలి. పక్కనే కొట్టుకునే ధమనికి తగిలితే పని చెడుతుంది. దాన్ని వేలితో గుర్తుపట్టి తప్పించుకోవాలి. సూది నరంలోకి పోతే గొట్టంలోకి చిటికెడు ఎర్రదనం వస్తుంది. అదిగో, ఆ ఎర్రదనం కోసం ఇరవై ఏళ్ళు బతికాను నేను. ప్రసూతి వార్డు వాళ్ళు, ఆపరేషన్ థియేటర్ వాళ్ళు, ఒక్కోసారి పెద్ద డాక్టరు గారు కూడా "ఆమెను పిలవండి" అనేవారు. ఆ మాట వినడం నాకు చాలా ఇష్టమని ఇప్పుడు సిగ్గు లేకుండా చెబుతున్నాను.

అలాంటి దానికి చూపు ఆనడం లేదంటే ఏం మిగిలినట్టు?

ఒకనాడు సిరంజి మీది గీతలు రెండు కలిసిపోయి ఒకటిగా కనిపించాయి. మందు ఎక్కించే ముందు పక్క సిస్టర్‌ను పిలిచి సరిచూపించుకున్నాను. ఆ రోజు మాత్రం భయమేసింది. మధ్యాహ్నం డ్యూటీ అయ్యాక కంటి విభాగానికి పోయాను.

అక్కడ కళ్ళు పరీక్ష చేసి అద్దాల నంబరు రాసే పెద్దాయన ఒకరు ఉండేవారు. రిటైర్మెంట్ దగ్గరపడిన మనిషి, గడ్డం నెరిసిపోయింది. దవాఖాన మొత్తానికీ ఆయన చాచానే. దూరపు బోర్డు చదివించారు. కింది వరుస దాకా గడగడా చదివాను. దూరం చూపు నాకు మొదటి నుంచీ బాగానే ఉంది. తర్వాత దగ్గర చదివే కార్డు చేతికిచ్చారు.

ఇక్కడ నేను చేసిన పని ఏ నర్సు అయినా చేసి ఉండేదే. ఎనభైల్లో ఊళ్ళల్లో పెట్టిన కంటి శిబిరాలన్నింటికీ నన్ను పంపేవారు. అదే కార్డును వందల మంది ముసలాళ్ళ మొహాల ముందు నేనే పట్టుకున్నాను. రైతు, బావి, ఆవు, దూడ, ఏ వరుసలో ఏముందో నాకు నిద్రలో లేపి అడిగినా వస్తుంది. పెద్దాయన ఒక్కో అద్దం వేస్తూ "కనబడుతుందా, సిస్టర్?" అంటుంటే, కళ్ళకు అందినంత చూసి, అందనిది నోటికి వచ్చినట్టు చదివేశాను. మోసం చేయాలని కాదు. కార్డు ముందుకు రాగానే మాటలు వాటంతటవే వచ్చేశాయి. ఆపడానికి నాకు బుద్ధి లేకపోయింది. అంత చిన్న అక్షరాలు నేను చదివేస్తున్నానన్న సంబరం ఒకటి.

"మాషా అల్లా, జర్రంతనే ఉన్నది. ప్లస్ ఒకటి సరిపోతది" అన్నారు ఆయన.

"చాలీసేనా, చాచా?" చత్వారాన్ని మా దవాఖానలో అందరం అలాగే అనేవాళ్ళం.

"గదే, బేటీ. కంటి లోపట ఒక అద్దం అసొంటిది ఉంటది. చిన్నప్పుడు మెత్తగ ఉంటది. దగ్గరియి చూడాల్నంటే ఉబ్బుతది. నలబై దాటినంక గట్టిపడ్తది, ఉబ్బదు. రోగం గాదు, ఫికర్ చెయ్యకు. అందరికి వస్తది. నాకు వచ్చింది, డాక్టర్ సాబ్‌కు వచ్చింది."

అందరికీ వస్తుంది అంటే నాకు ఓదార్పు అనిపించాలి కాబోలు. నాకు మాత్రం చిరాకేసింది. అందరికీ సూది పని లేదు కదా.

ప్లస్ ఒకటి అద్దాలు వచ్చాయి. పెట్టుకుంటే మొదటి వారం బ్రహ్మాండం అనిపించింది. రెండో వారానికి మళ్ళీ చెయ్యి దూరం జరుగుతోంది. కార్డు మీద లేని కొత్త అక్షరాలు ఏవీ కుదురుగా కనిపించడం లేదు. పాపం ఆ పెద్దాయనకు నంబరు వేయడం రాదని ఇంట్లో మా ఆయనతో అన్నాను. మా ఆయన బడిపంతులు, ఎప్పుడో అద్దాలకు అలవాటు పడినవాడు. "పోయి మళ్ళ చూపిచ్చుకోరాదు" అన్నాడు, పేపరు మీంచి తల ఎత్తకుండానే.

రెండోసారి పోతే పెద్దాయన కార్డు తీయలేదు. నన్ను కాసేపు చూసి, నా కోటు జేబులోంచి ఒక మందు గొట్టం తీసి నా చేతికే ఇచ్చారు.

"ఇది చదువు."

చదవలేకపోయాను. "నువ్వు శిబిరాల కార్డు వట్టినదానివి గదా, నాకే యాదికి రాలే" అని నవ్వి, టేపు తీసి, పిల్లవాడికి సూది వేసేటప్పుడు నా కంటికీ చేతికీ ఎంత దూరం ఉంటుందో వంగి చూపించమన్నారు. కొలిచారు. పుస్తకం పట్టుకునే దూరం కంటే నా పని ఇంకా దగ్గర. దానికి తగ్గట్టు నంబరు పెంచి రాశారు. నా సొంత తెలివితో నాకు నేనే తక్కువ నంబరు రాయించుకున్నానని అప్పుడు తెలిసింది. తిట్టుకోవడానికి ఈసారి కంపెనీల వాళ్ళు కూడా దొరకలేదు.

కొత్త అద్దాలతో నరం మళ్ళీ దారప్పోగు అయింది. ఆ మాట ఒప్పుకోవాలి. దగ్గరి పనికి, సూదికి, ఆ చదువుకునే అద్దాలను మించింది లేదు. అద్దమంతా ఒకటే పవరు, ఎటు చూసినా ఒకేలా ఉంటుంది. కానీ తల ఎత్తితే చాలు, వార్డు మొత్తం మసక. ఆరో మంచం మీద ఎవరు ఏడుస్తున్నారో తెలియదు. తీస్తే చేతిలో రాసేది కనిపించదు. పెట్టు, తియ్యి, పెట్టు, తియ్యి. రోజుకు ఎన్నిసార్లో లెక్కే లేదు. మందుల ట్రే మీద మరిచిపోయాను, దుప్పట్లలో పడేసుకున్నాను, ఒకసారి ఉతకడానికి పోయే మూటలో దొరికాయి. దారం కట్టి మెడలో వేసుకుంటే పిల్లలు అందుకుని లాగారు. వంగినప్పుడల్లా ఊగుతూ పోయి శుభ్రం చేసిన ట్రేలో పడేవి. ముక్కు చివరికి జార్చి పైనుంచి చూస్తే ఆయమ్మ "అచ్చం మా అవ్వ లెక్కనే ఉన్నవ్" అంది. ప్రాణం విసిగిపోయింది.

అప్పుడు హైదరాబాదులో గీత కనిపించని అద్దాలు వచ్చాయని విన్నాను. పైన దూరం, కింద దగ్గర, మధ్యలో పవరు నెమ్మదిగా మారుతూ పోతుంది. ఒకే జోడుతో అంతా అయిపోతుంది. పెద్దాయన నంబరు రాసిచ్చారు గానీ, మొహంలో ఉత్సాహం లేదు.

"నడిమిట్ల సన్నటి బాటనే ఉంటది, బేటీ. పక్కలకు చూస్తే అల్కినట్టు కనబడ్తది. మెట్లు దిగేటప్పుడు పైలం. పదిహేను దినాలు ఓర్సుకో, అలవాటైతది."

హైదరాబాదు దుకాణంలో పెద్ద ఫ్రేమే ఎంచుకోమన్నారు, కింది భాగానికి జాగా కావాలట. ఫ్రేము పెట్టి, నా కంటిపాపలు ఎక్కడికి వస్తాయో ఉత్తుత్తి అద్దాల మీద పెన్నుతో చుక్కలు పెట్టి కొలుచుకున్నారు. ఖరీదు విని మా ఆయన దుకాణం బయటికి పోయి నిలబడ్డాడు.

మొదటి వారం వార్డు గచ్చు అలల మాదిరి లేచింది. రెండు వారాలకు సద్దుమణిగింది, పెద్దాయన చెప్పినట్టే. రిజిస్టరు రాసి, తల ఎత్తి, చివరి మంచం మీది పిల్లను చూసి, మళ్ళీ రాసుకోవడం. అద్దాలు తీయకుండానే. ఆ సుఖం సుఖమే. వార్డు నడపడానికి అంతకంటే మంచి అద్దాలు లేవు. కానీ నా పని వార్డు నడపడం ఒక్కటే కాదే!

గ్లూకోజు సీసా తల మీద వేలాడుతుంది. దాని కింద చుక్కలు పడే బుడ్డి చెయ్యి చాచినంత దూరంలో, కంటికంటే ఎత్తులో ఉంటుంది. చేతి గడియారం చూస్తూ నిమిషానికి ఎన్ని చుక్కలో లెక్కపెట్టాలి. పైకి చూస్తే కళ్ళు అద్దం పైభాగంలోంచి చూస్తాయి, అది దూరం పవరు. చుక్క కనిపించదు, బుడ్డిలో ఏదో కదిలినట్టు ఉంటుంది అంతే. సరిగా కనిపించాలంటే గడ్డం ఆకాశానికి ఎత్తాలి. కోడి నీళ్ళు తాగినట్టు తల ఎత్తి, గడియారం కోసం తల దించి, మళ్ళీ ఎత్తేసరికి లెక్క తప్పేది. సూది దగ్గర ఇంకో బాధ. నేను మెడ వంచి పిల్ల మీదికి ఒరిగితే చూపు తిన్నగా పోయి మళ్ళీ పైభాగంలోనే పడుతుంది. మెడ వంచొద్దు, కళ్ళు దించు అంటారు పెద్దాయన. ఇరవై ఏళ్ళుగా వంగిన మెడ చెబితే వింటుందా? పైగా చెమటకు ఫ్రేము ముక్కు మీది నుంచి జారేది. అది జారితే దగ్గర భాగం ఇంకా కిందికి పోయేది.

"నీ పనికి రెండు జోళ్ళు ఉంచుకో" అన్నారు పెద్దాయన చివరికి. "తిరిగెతందుకు ఇయ్యి. సూదికి మాత్రం చదువుకునే అద్దాలే. నా మాట ఇను."

వినలేదు. రెండు జోళ్ళు మార్చుకునే నర్సు అంటే నాకు ముసలిదాని లెక్క అనిపించింది. అప్పుడే మా ఆయన స్నేహితుడి భార్య కంట్లో పెట్టుకునే లెన్సు సంగతి చెప్పింది. చాలీసుకు కూడా వస్తున్నాయట, హైదరాబాదులో ఒకరిద్దరు డాక్టర్లు పెడుతున్నారట. పోయి పెట్టించుకున్నాను. మెత్తటి లెన్సులు. మధ్యలో దగ్గరి పవరు, చుట్టూ దూరం పవరు. రెండు బొమ్మలూ ఒకేసారి కంట్లో పడతాయి, కావలసింది మెదడు ఏరుకుంటుంది అని అక్కడి డాక్టరు చెప్పింది. కొన్నాళ్ళు వాడి చూడమంది.

తిరిగొచ్చి వార్డులో గ్లూకోజు సీసా కేసి కళ్ళెత్తాను. చుక్క కనిపించింది. గడ్డం ఎత్తకుండా, అద్దం జరపకుండా, చుక్క వెంట చుక్క. పైకి చూసినా, కిందికి చూసినా, పక్కకు చూసినా ఒకటే. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మొహం మీద ఏమీ లేదు. ఆయమ్మ నా మొహంలోకి తేరిపార చూసి "అద్దాలు యాడ వోయినయి, సిస్టరమ్మా?" అంది. "అవసరం లేదు ఇగ" అన్నాను, రాణిలాగా.

పెద్దాయనకు చూపించడానికి పోయాను, మెప్పు కోసం. ఆయన చిన్న టార్చి వేసి చూసి, లైటు తీసి మళ్ళీ చూసి, తల ఊపారు.

"వెలుతుర్ల కంటిపాప చిన్నగైతది. నడిమి పవరు పనిచేస్తది. మబ్బుల కంటిపాప పెద్దగైతది, చుట్టున్న దూరం పవరు ఎక్కువైతది. రెండు బొమ్మలు ఒకదాని మీద ఒకటి పడ్తయి గదా, నలుపు తెలుపు అక్షరాలు కనబడ్తయి. గని సన్నటి రంగు తేడా తెల్వదు. నీ నరాలు గట్లనే ఉంటయి, బేటీ. సూదికి ఆ పాత అద్దాలు జేబుల ఉంచుకో."

"లెన్సులు తీసి పెట్టుకోవాల్నా?"

"తీసి పెట్టుకో. లేకుంటే లెన్సుల మీదికి తక్కువ పవరుది ఇంకొకటి రాసిస్త."

మళ్ళీ అద్దాలేనా? ఆయన రాసిచ్చిన కాగితం మడిచి ఎక్కడో పెట్టాను. పాత అద్దాలు ఇంట్లో అలమారలోనే ఉండిపోయాయి. లెన్సులకు ఉన్న చాకిరీ చాలదా అనుకున్నాను. పెట్టుకునే ముందు చేతులకు స్పిరిటు తడి లేకుండా కడుక్కోవాలి, మరిచిపోయిన రోజు కన్ను నిప్పు అయ్యేది. దుమ్ము పడితే గుచ్చుకునేది. కడిగే నీళ్ళ సీసా అయిపోతే హైదరాబాదు బస్సు ఎక్కాల్సిందే. ఇంత ఓర్చుకుని ఇంకా అద్దాలు కూడానా?

వానాకాలం మొదట్లో ఒక సాయంత్రం, ఐదు కూడా కాలేదు, మబ్బు కమ్మి వార్డు నల్లబడింది. కరెంటు పోయింది. జనరేటరు ఆపరేషన్ థియేటర్‌కే వేస్తారు. అప్పుడే ఒక తల్లి ఎనిమిది నెలల ఆడపిల్లను తెచ్చింది. రెండు రోజులుగా విరేచనాలట. పిల్ల ఏడవడం లేదు. ఏడవని పిల్లనే నర్సు ముందు చూడాలి. కళ్ళు లోపలికి పోయాయి, పొట్ట మీది చర్మం పట్టి వదిలితే మడత అలాగే నిలబడింది. డాక్టరు చూసి వెంటనే సెలైన్ ఎక్కించమన్నాడు.

ఆ ఏడాదే వచ్చిన కొత్త సిస్టర్ పిల్ల తల పట్టుకుంది. నేను జుట్టు గొరిగి, బ్యాండు వేసి, తట్టాను. ఆయమ్మ టార్చి పట్టింది. నీలం గీత లేచింది. లేచిందనే అనుకున్నాను. దగ్గరికి వంగాను. గీత చుట్టూ పొగ లాంటిది. చర్మం, నరం ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. కళ్ళు చికిలించాను. గీత ఉన్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది. టార్చి దగ్గరికి తెమ్మంటే స్పిరిటు తడి మీద వెలుగు పడి తళుక్కుమంది, ఇంకా చెడింది. వేలితో వెతికి, అంచనా మీద సూది పంపాను. ఎరుపు రాలేదు. చర్మం ఉబ్బింది. తీశాను.

రెండోసారి ఇంకో పక్క. అదీ పోయింది.

మా వార్డులో ఒక పద్ధతి ఉంది. రెండుసార్లు తప్పితే సూది పక్కవాళ్ళకు ఇచ్చెయ్యాలి, పిల్లను మూడోసారి పొడవకూడదు. ఆ పద్ధతి పెట్టిందే నేను. ఎంతమంది కొత్తవాళ్ళ చేతుల్లోంచి ఆ మాట చెప్పి సూది తీసుకున్నానో. ఆ నిమిషం నాకు మూడోసారి కూడా వేయాలనిపించింది. ఇప్పుడు చెబితే నాకే అసహ్యంగా ఉంటుంది, కానీ నిజం. పిల్ల చచ్చిపోతోందన్న భయం కంటే, ఈ సూది నేనే వెయ్యాలన్న పట్టు ఒక క్షణం ముందు వచ్చింది.

"సిస్టర్," అంది కొత్త సిస్టర్ మెల్లగా, తల వదలకుండానే. "నాకు కనబడ్తాంది. చెవి పైన."

చెవి పైన నాకు ఏమీ కనబడలేదు.

సూది ఇచ్చాను. జాగాలు మార్చుకున్నాం. తల నేను పట్టుకున్నాను. ఆమె అద్దాలు లేని ఇరవై మూడేళ్ళ కళ్ళతో ఒక్కసారి చూసి, ఒక్కసారే పంపింది. గొట్టంలోకి ఎరుపు వచ్చింది. అది మాత్రం నాకు కనిపించింది. అరగంటకు పిల్ల సన్నగా ఏడ్చింది. తల్లి ఆ కొత్త సిస్టర్ చేతులు పట్టుకుని "నీ కడుపు సల్లగుండ, బిడ్డా" అంది. నేను సెలైన్ చుక్కలు లెక్కపెట్టాను. టార్చి వెలుగులో బుడ్డి మెరుస్తుంటే చుక్కలు బాగానే కనిపించాయి. కోపం ఆపుకోలేక లెన్సులు తీయడానికి బాత్రూంకు పోయి, చేతులకు స్పిరిటు ఉందని గుర్తొచ్చి, కడుక్కుని, అక్కడే నిలబడి ఏడ్చాను.

మర్నాడు నాలుగు ముక్కల్లో పెద్దాయనకు జరిగింది చెప్పాను. ఆయన నేను చెప్పలేదా అని అనలేదు. అని ఉంటే బాగుండేది, తిరిగి ఏదో ఒకటి అనేదాన్ని. ఆ రోజు నుంచి ఆయన చెప్పినట్టే చేశాను. తిరగడానికి హైదరాబాదు అద్దాలు, సూదికి పాత చదువుకునే అద్దాలు, లెన్సులు డబ్బీలో. సూదులు వేసే మంచాన్ని కిటికీ పక్కకు జరిపించాను. పాత అద్దాలు పెట్టి నా చేతి మీది నరాలు చూసుకున్నాను. వెంట్రుక వాసి తేడా కూడా తెలుస్తోంది. నా చెయ్యి ఎక్కడికీ పోలేదు. ఇంకో పదేళ్ళు వేయగలను.

నాలుగు రోజులకు ప్రసూతి వార్డు ఆయా పరుగెత్తుకొచ్చింది. పుట్టి రెండు రోజులైన పిల్ల, నరం దొరకడం లేదట. ఆ పిలుపు నాకు కొత్త కాదు. మాట పూర్తవకముందే లేచి, పాత అద్దాలు పెట్టుకుని, ట్రే అందుకున్నాను. ఆమె నా మొహం వంక, అద్దాల వంక చూసి, గడపలోనే ఆగిపోయింది.

"చిన్న సిస్టర్ లేదా, అమ్మా? గా కొత్తగొచ్చినామె. ఆమెను తోల్కరమ్మన్నరు."

మా ఆయమ్మ తల దించుకుని దుప్పట్లు మడతపెట్టసాగింది.

"ఉన్నది" అన్నాను. "చేతులు కడుక్కుంటాంది. వస్తది, పద."

నేనూ వెంట పోయాను. చిన్న సిస్టర్ సూది తీసుకుని నా వంక చూసింది, మీరు వేస్తారా అన్నట్టు. ఆ వార్డు వాళ్ళు ముగ్గురు నలుగురు చుట్టూ నిలబడి ఉన్నారు. నేను అద్దాలు తీసి జేబులో వేసుకుని, పిల్ల తల రెండు చేతుల్లోకి తీసుకున్నాను. తల పట్టుకోవడానికి చూపుతో పని లేదు.